మా గుంటడికి రస్ట్ వద్దంది, గో ఏమీ అనలేదు

పారాసెటమాల్ బ్యాచ్ నంబరు పక్కన దగ్గు మందు పేరు. కింది వరుసలో సగం పేరు, మిగతా సగం ఇంకెవరిదో తేదీ. పోయిన వేసవిలో మా టూల్ ఇచ్చిన రిపోర్టు ఇది. అది చూసి పాతపట్నం షాపాయన ఫోన్ చేసి "బాబూ, ఈ మందు మేం కొననే లేదు" అన్నాడు. ప్రోగ్రామింగ్ భాషల్లో రస్ట్ గొప్పదా, గో గొప్పదా అని ఎవరైనా మొదలెడితే నాకు ఆ ఫోనే గుర్తొస్తుంది.

పర్లాకిమిడిలో మేం ముగ్గురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆఫీసులో రెండూ కలిపి. ఒక మందుల హోల్‌సేలరుకి లెక్కలు చూసే చిన్న కమాండ్ లైన్ టూల్ రాశాం. గుణుపురం, పాతపట్నం, ఇక్కడి షాపుల నుంచి ఏడాది ఫైళ్లు వస్తాయి, అన్నీ కలిపితే 12 లక్షల వరుసలు. హోల్‌సేలరు పంపిన సరుకునీ షాపుకి చేరిన సరుకునీ బ్యాచ్ నంబరు పట్టి పోల్చి, కుదరనివి గుర్తు పెట్టి అన్ని వరుసలూ రిపోర్టుగా రాయడమే దాని పని.

మొదట నేను రస్ట్‌లో రాశాను. ఒప్పుకుంటాను, కాస్త సరదా కోసమే. ప్రతి వరుసకీ కొత్త మెమరీ తీసుకోకుండా ఒకే బఫర్‌లోకి చదవడం, అందులోని ముక్కల్ని కాపీ చెయ్యకుండా చూపించి వాడుకోవడం. ఆఫీసు పాత ల్యాప్‌టాప్ మీద సెకను లోపే పని అయిపోయేది. మీసం తిప్పుకున్నాను.

తర్వాత నేను వేరే పనిలో పడ్డాను. కొత్తగా చేరిన గుంటడికి ఒక చిన్న మార్పు అప్పజెప్పాను: ఒకే బ్యాచ్ రెండుసార్లు వస్తే మొదటి వరుసలోని మందు పేరు కూడా చూపించాలి. అంటే పేరుని మ్యాప్‌లో దాచుకోవాలి. మూడు రోజులు కంపైలర్ వాడికి ఒకటే మాట చెప్పింది, `E0502`. బఫర్‌ని ఎవరో చూస్తుండగా అందులో కొత్త వరుస రాయడం కుదరదని దాని అర్థం. వాడు లైఫ్‌టైమ్ గుర్తులు ఇక్కడ పెట్టి చూశాడు, అక్కడ పెట్టి చూశాడు. నాలుగో రోజు వచ్చి "అన్నా, ఇది నా వల్ల కాదు, గోలో రాసేస్తాను" అన్నాడు. సరే అన్నాను. వారంలో రాసేశాడు, మార్పుతో సహా. పైగా నా లైనక్స్ మెషీన్ మీద `GOOS=windows go build` కొడితే షాపుల్లోని విండోస్ కంప్యూటర్లకి ఎక్స్‌ఈ వచ్చేసింది. రస్ట్‌లో అదే పనికి టార్గెట్ వేసుకుని, వేరే లింకర్ కూడా తెచ్చుకోవాల్సి వచ్చింది నాకు.

ఆ తర్వాత వచ్చిందే పాతపట్నం ఫోన్.

వాడు చేసింది తప్పు అనడానికి నాకు నోరు రాదు, ఎందుకంటే వేగం కోసం నేను నేర్పిందే వాడూ చేశాడు. గోలో `bufio.Scanner` తో వరుసలు చదువుతూ `sc.Bytes()` ఇచ్చిన ముక్కనే మ్యాప్‌లో దాచాడు. ఆ ముక్క స్కానర్ లోపలి బఫర్‌దే. తర్వాతి `Scan` ఆ చోటు మీదే కొత్త డేటా రాయవచ్చు. రస్ట్ మూడు రోజులు అడ్డం పడుకుని వద్దన్నది సరిగ్గా ఈ పనినే. గో కంపైలర్ కిమ్మనలేదు.

మరి టెస్టు ఎలా పాసయింది? నాకు బాగా కాలింది ఇక్కడే. టెస్టు ఫైల్లో ఉన్నవి 20 వరుసలు, వరుసకి 60 బైట్ల చొప్పున 1,200. స్కానర్ 4,096 బైట్ల బఫర్‌తో మొదలవుతుంది. ఫైలంతా ఒక్కసారిగా అందులో పట్టేసింది, దేని మీదా ఏదీ పడలేదు, అన్ని పేర్లూ ముత్యాల్లా ఉన్నాయి. అసలు ఫైలు వచ్చి బఫర్ నిండి మళ్లీ మొదటికి వచ్చాకే పాత పేర్ల మీద కొత్తవి పడ్డాయి. ఇలాంటి టూల్‌కి చిన్న ఫైలుతో టెస్టు రాయడం పళ్లెంలో ఈత నేర్పడం లాంటిది. ఇప్పుడు మా టెస్టు లక్ష వరుసలు తనే తయారు చేసుకుని, చదివినవి అవే వచ్చాయా అని చూస్తుంది.

ఇది దిద్దాక ఇంకోటి బయటపడింది. గుణుపురం ఫైల్లో ఒక తేదీ తర్వాత ఏమీ లేదు. ఎర్రర్ లేదు, రిపోర్టు చక్కగా వచ్చింది, కానీ నాలుగు నెలల అమ్మకాలు మాయం. ఫైలు తెరిచి చూస్తే మధ్యలో సున్నా బైట్ల పెద్ద దిబ్బ. గాలివానకి కరెంటు పోయి, రాస్తున్న ఫైలు సగంలో ఆగినప్పుడు పడినవి. మర్నాడు షాపు సాఫ్ట్‌వేర్ వాటి వెనకే రాసుకుంటూ పోయింది. ఆ దిబ్బలో వరుస ముగింపు గుర్తు లేదు కాబట్టి అదంతా ఒకే వరుస కింద లెక్క. స్కానర్ ఒక వరుసకి మామూలుగా 64 కేబీ దాకానే ఒప్పుకుంటుంది. అది దాటితే `Scan` `false` అని తిప్పి పంపుతుంది, లూప్ ఫైలు అయిపోయినట్టే ఆగిపోతుంది. కారణం `sc.Err()` లో `token too long` అని ఉంటుంది గానీ అడిగితేనే చెబుతుంది. మేం అడగలేదు. పట్టించుకోని ఎర్రర్లని వెతికే `errcheck` కూడా దీన్ని పట్టదు, ఎందుకంటే అసలు పిలవని ఫంక్షన్ ఏ ఎర్రర్ ఇచ్చిందని అది చూస్తుంది? రస్ట్‌లో `lines()` వాడితే ప్రతి వరుసా ఎర్రర్ కావచ్చన్న రూపంలోనే చేతికొస్తుంది, చూడకుండా దాటలేం. ఈ సున్నాల వరుసైతే అక్కడ చదవడం దాటి, కాలమ్‌లు విడదీసే చోట దొరికిపోయేది.

ఇంత తిట్టాక రస్ట్‌కి తిరిగి వెళ్లామనుకుంటున్నారా? లేదు. నేను ఊళ్లో లేని రోజు రాత్రి కోడ్ తెరిచేది ఆ గుంటడూ, రాయగడ నుంచి వచ్చే అక్కా. అక్క పదేళ్లుగా చేసిన పని పీహెచ్‌పీ. గో ఫైలు ఇస్తే మధ్యాహ్నానికల్లా చదివి నా తప్పు నాకే చూపించింది. నా రస్ట్ ఫైల్లో లైఫ్‌టైమ్ గుర్తులు చూసి "ఈ కొక్కేలేమిటి తమ్ముడూ" అని పక్కన పెట్టింది.

కాకపోతే గోలో రస్ట్ వేషాలు మానేశాం. లూప్ ఇంతే:

```go
for sc.Scan() {
    rows = append(rows, parse(sc.Text()))
}
if err := sc.Err(); err != nil {
    return err
}
```

`sc.Text()` ప్రతి వరుసనీ కాపీ చేసి ఇస్తుంది, దాచుకున్నా ఏ భయమూ లేదు. దానికి మెమరీ, వాడి వదిలేసిన మెమరీని ఏరే పని పెరుగుతాయి. మాకు సెకను లోపు అయ్యేది సెకనున్నర అయింది. ఆ కాస్త ఆలస్యం ఏ షాపాయనకీ తెలియలేదు. తప్పు పేరు మాత్రం ఒక్క రోజులో తెలిసింది.

అసలు వేగం పోతున్నది వేరే చోట. గోలో `fmt.Println` నేరుగా బయటికి రాస్తుంది, వరుసకి ఒక సిస్టమ్ కాల్. రస్ట్‌లో `println!` కూడా, ఫైల్లోకి మళ్లించినా సరే, వరుస వరుసకీ పంపేస్తుంది. 12 లక్షల వరుసల రిపోర్టుకి, సిస్టమ్ కాల్స్ లెక్కపెట్టే `strace -c` పెట్టి చూస్తే రెండింట్లోనూ `write` 12 లక్షల చిల్లర. `bufio.NewWriter` పెడితే, దాని 4,096 బైట్ల బఫర్‌తో, 18 వేలకి దిగింది. చివర్లో `Flush` మర్చిపోతే రిపోర్టు తోక తెగుతుంది. `defer` లో పెట్టి నిశ్చింతగా ఉండకండి, `log.Fatal` దాన్ని లెక్కచెయ్యకుండా వెళ్లిపోతుంది. నా ఉద్దేశంలో భాష మార్చాలా అని కొట్టుకునే టీముల్లో సగం మంది ముందు ఆ `strace -c` ఒక్కటి కొట్టి చూసుకోవాలి.

రస్ట్‌ని చులకన చెయ్యడం లేదు. కాపీ చేస్తే మెమరీ చాలని రోజు, కాపీ లేకుండా ముక్కలు పట్టుకుని తిరగక తప్పని రోజు వస్తే, ఆ పని గోలో చెయ్యను, చెయ్యనివ్వను. వచ్చే ఏడు బరంపురం డిపో కలిస్తే వరుసలు కోటి దాటేలా ఉన్నాయి. మా ల్యాప్‌టాప్ ర్యామ్ 8 జీబీ. గుంటడు ఇప్పటికే `E0502` కాగితం మీద బొమ్మ గీసుకుంటున్నాడు, బఫర్ ఒక డబ్బా, పేరు దాన్ని చూపించే బాణం.