ర్యాంకు అడిగేవాళ్లే గానీ వడ్డీ లెక్క చెప్పేవాళ్లేరీ?

ఇంటర్ ఫలితాలు రాగానే చుట్టాలు, పక్కింటివాళ్లు మొదలుపెట్టే సలహాల జాతర చూస్తే ఒళ్లు మండుతుంది. "ఎంసెట్‌లో ర్యాంకెంత? సీఎస్‌ఈ వస్తుందా?" అంతే. (పేరు ఈఏపీసెట్‌గా మారినా ఆరా మారలేదు.) సీటు కోసం చేసే అప్పు చదువయ్యేసరికి ఎంతవుతుందో ఒక్కరూ చెప్పరు. తెనాలిలో మా వీధిలో ఉండే రిటైర్డ్ బ్యాంకు గుమస్తా గారు చెప్పారు.

ఆయన పక్కింటాయనకి కిరాణా కొట్టుంది. కొడుకు ఎంపీసీ. ర్యాంకు బాగా వెనక్కి పోయింది. మేనేజ్‌మెంట్ కోటా సీటుకి 4 లక్షలు లోన్ తీసుకుందామని ఈయన్ని సలహా అడిగారు. ఆయన కాగితం, పెన్ను తీశారు. ఏడాదికో లక్ష, లెక్క తేలిగ్గా ఉండాలని 10 శాతం బారువడ్డీ. చదువు నాలుగేళ్లు, ఆపైన ఏడాది గడువు. మొదటి లక్షకి ఐదేళ్ల వడ్డీ 50 వేలు, మిగతా మూడింటికి 40, 30, 20 వేలు. వాయిదాలు మొదలయ్యేనాటికి బాకీ 5,40,000. పదేళ్లలో తీర్చాలంటే నెలకి సుమారు 7,100.

"వీడికి ఇష్టముంటే కట్టొచ్చు బాబూ. ఏరా, ఇష్టమేనా?" అన్నారు. కుర్రాడు నోరు విప్పలేదు.

ఆయన ఊరికే అడగలేదు. అంతకుముందు కొట్లో ఖాతా పుస్తకం కూడికలో 270 తేడా వస్తే, "తేడాని 9 భాగిస్తోందంటే ఎక్కడో అంకెలు తిరగబడి ఉండొచ్చు, వెతుకు" అని ఆయనే చెప్పారు. 630ని 360గా రాసిన చోటు కుర్రాడు పట్టేశాడు. అక్కడితో ఆగకుండా, 9 ఎందుకో ఆల్జీబ్రాతో తేల్చి చూపించాడు.

అందుకే సీఏ ప్రస్తావన తెచ్చారు. ఇంటర్‌లో ఏ గ్రూపైనా సీఏ మొదటి పరీక్ష ఫౌండేషన్ రాయొచ్చని ఆ తండ్రికి తెలియనే తెలియదు. నాలుగు పేపర్లు, ఒక్కోదాంట్లో 40 శాతం, మొత్తం మీద 50 శాతం రావాలి. ఆ తర్వాత సీఏ ఇంటర్మీడియట్‌లో ఆరు పేపర్లు, సీఏ దగ్గర రెండేళ్లు పని నేర్చుకునే ఆర్టికల్‌షిప్, ఫైనల్.

నాకు నచ్చిందేమిటంటే, ఆయన దాన్ని పూలబాటగా చూపించలేదు. అకౌంటింగ్, లా పేపర్లలో జవాబులు వివరంగా రాయాలి. బిట్లకి అలవాటుపడ్డ ఎంపీసీ పిల్లలు లా దగ్గరే బోల్తాపడతారన్నారు. ఎక్కువమంది మొదటిసారి తప్పుతారు, ఆర్టికల్‌షిప్‌లో ఇచ్చే స్టైపెండ్‌తో ఇల్లు గడవదు అని తండ్రికి ముందే చెప్పేశారు.

"మరి పాసవకపోతే?" అని తండ్రి టెన్షన్.

"ఊళ్లోనే బీకామ్‌లో చేర్పించు. రెండేళ్లలో ఫౌండేషన్ దాటకపోతే డిగ్రీ చేతిలో ఉంటుంది, బ్యాంకు పరీక్షలు రాసుకుంటాడు. నెత్తిన అప్పైతే ఉండదుగా."

కుర్రాడు బీకామ్‌లో చేరాడు. ఇప్పుడు సాయంత్రాలు కాంట్రాక్ట్ చట్టం జవాబులు రాసి ఆయన చేత దిద్దించుకుంటున్నాడు. వాళ్ల మేనత్త మాత్రం ఇంకా ర్యాంకెంతని అడుగుతూనే ఉంది.