వాచీ సెల్‌కు వేరే డబ్బా కావాలి

వాచీలోంచి తీసిన పాత సెల్ చెత్తబుట్టలో పడ్డాక దానికి సాధారణంగా రెండు గతులు. చెత్తను జల్లించే చోట రంధ్రాల్లోంచి జారి, ఎరువు కావాల్సిన తడి చెత్తలో కలిసిపోతుంది. లేదా పైతొడుగు ఉక్కుది కాబట్టి అయస్కాంతానికి అంటుకుని, ఇనప తుక్కుతో పాటు కొలిమికి చేరుతుంది. మొదటి దారిలో లోపలి లోహాలు మట్టిపాలవుతాయి. రెండో దారిలో వెండి ఉక్కులో కలిసిపోతుంది, పాదరసం ఉంటే పొగలో పోతుంది.

అంత చిన్న సెల్‌లో ఏముంటుందిలే అనుకుంటాం. లెక్క వేసి చూద్దాం. ముల్లు వాచీల్లో ఎక్కువగా కనిపించే SR626 రకం వెండి ఆక్సైడ్ సెల్ బరువు సుమారు 0.4 గ్రాములు, సామర్థ్యం దాదాపు 25 మిల్లీ ఆంపియర్ అవర్లు. ఈ రకంలో ఒక్కో మిల్లీ ఆంపియర్ అవర్‌కు 4 మిల్లీగ్రాముల వెండి కావాలి. అంటే ఒక్క సెల్‌లో 100 మిల్లీగ్రాములు, బరువులో పావు వంతు వెండే. వెండి గనుల్లో టన్ను రాయికి ఇన్ని గ్రాములని లెక్కించుకుంటారు. ఇక్కడ వెయ్యి సెల్స్ పోగైతే, 400 గ్రాముల బరువులో 100 గ్రాముల వెండి! పైగా వాడేసినంత మాత్రాన అది తరిగిపోదు. సెల్ పనిచేస్తున్నప్పుడు వెండి ఆక్సైడ్‌లోని ఆక్సిజన్‌ను జింకు లాక్కుంటుంది, వెండి లోహంగా మిగులుతుంది. అయిపోయిన సెల్‌లో ఉన్నది అదే.

చిక్కల్లా ఒకేలా కనిపించడంతోనే. LR626 అనే ఆల్కలైన్ సెల్ సరిగ్గా ఇదే సైజులో వస్తుంది, అందులో వెండి ఉండదు. వినికిడి యంత్రాల్లో వేసే PR రకంలో జింకు, గాలి పీల్చే చిన్న రంధ్రం ఉంటాయి. CR రకంలో లిథియం ఉంటుంది. మొదటి అక్షరం చదివితే రకం తెలిసిపోతుంది గానీ, గీతలు పడి మాసిపోయిన వేల సెల్స్‌ను కుప్పలోంచి ఒక్కొక్కటిగా తీసి చదవాలంటే, దొరికే వెండి విలువంతా ఆ కూలికే సరిపోతుంది.

పాదరసం గొడవ మరొకటి. క్షారంలో ఉన్న జింకు మెల్లగా తుప్పు పట్టి హైడ్రోజన్‌ను వదులుతుంది. గట్టిగా మూసిన సెల్ దానితో ఉబ్బుతుంది. దాన్ని ఆపడానికే జింకులో కొద్దిగా పాదరసం కలిపేవారు. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి దేశాలు చేసుకున్న మినమాట ఒప్పందం కూడా మొదట్లో బరువులో 2 శాతం లోపు పాదరసం ఉన్న వెండి ఆక్సైడ్, జింకు-గాలి సెల్స్‌ను నిషేధం నుంచి మినహాయించింది. ఇప్పుడు పాదరసం లేని సెల్స్ వస్తున్నాయి. కానీ డ్రాయర్లలో ఏళ్ల తరబడి పడి ఉన్న పాతవి ఏవో పైకి చూసి చెప్పలేం. అందుకే వెండివైనా, జింకు-గాలివైనా జింకు ఉన్న ఈ సెల్స్‌ను ముందుగా పాదరసం తీసే కొలిమికే పంపాలి.

ఈ కొలిమిలో గాలి తీసేసి వేడి చేస్తారు. మామూలు పీడనంలో పాదరసం 357 డిగ్రీల దగ్గర మరుగుతుంది, గాలి తీసేస్తే ఇంకా తక్కువకే. ప్లాస్టిక్ సీలు కాలి ఊడిపోగానే ఆవిరి బయటికి వస్తుంది. దాన్ని చల్లబరిచి ద్రవంగా పడతారు. ఈ దశలో లిథియం సెల్స్ కలిసి ఉంటే అవి పేలి మంటలు రేగే ప్రమాదం ఉంది. తర్వాత మిగిలినదాన్ని పొడి చేసి, ఉక్కును అయస్కాంతంతో వేరుచేస్తారు. వెండి ఉన్న పొడిని నైట్రిక్ ఆసిడ్‌లో కరిగించి ఉప్పు నీళ్లు పోస్తే వెండి క్లోరైడ్ తెల్లటి మడ్డిలా అడుగున చేరుతుంది, జింకు, నికెల్ ద్రావణంలోనే ఉండిపోతాయి. మడ్డిని మళ్లీ లోహంగా మార్చి, విద్యుత్తుతో శుద్ధి చేస్తారు. వినడానికి తేలికగానే ఉంది కదా అని ఇంటి వెనక మంట పెట్టి, ఆసిడ్ బకెట్‌తో ఇదే చేసేవాళ్లు పాదరసం ఆవిరినీ, ఆసిడ్ నుంచి లేచే గోధుమరంగు పొగనూ నేరుగా పీలుస్తారు. ఆ పనిని ఎవరూ ప్రోత్సహించకూడదు.

అందుకే బ్యాటరీలన్నిటికీ ఒకే డబ్బా పెట్టే పద్ధతి బటన్ సెల్స్‌కు పనికిరాదని మా అభిప్రాయం. వాచీ రిపేరు చేసేవాళ్ల బల్ల మీద పోగయ్యేవి ఎక్కువగా వెండి సెల్స్. వినికిడి యంత్రాలు సరిచేసే చోట దాదాపు అన్నీ జింకు-గాలివి. అక్కడ అవి వేరుగానే ఉన్నాయి, కలిపి పాడుచేస్తున్నది మనమే. సేకరణ ఈ రెండు చోట్ల నుంచే మొదలు కావాలి. డబ్బా ఖర్చు, రవాణా ఖర్చు సెల్స్ తయారీదారులు భరించాలి. జింకు-గాలి సెల్స్‌లో అమ్ముకోదగ్గ వెండి ఉండదు కాబట్టి, ఆ ఖర్చు లాభం చూసుకుని ఎవరూ పెట్టుకోరు.

ఇంట్లో విడిగా మిగిలే CR సెల్స్‌కు రెండు వైపులా టేప్ అంటించి వేరే డబ్బాలో వేయాలి. అయిపోయాయనుకున్నవాటిలోనూ చార్జి మిగిలి ఉంటుంది, ఒకదానికొకటి తగిలితే వేడెక్కుతాయి. ఆ డబ్బా మూత పిల్లలకు రాకుండా బిగుతుగా ఉండాలి. మింగిన లిథియం సెల్ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. అలా మింగారని అనుమానం వచ్చినా, వాంతి చేయించే ప్రయత్నం మాని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.