యాన్యువల్ డే ఏ రోజో ఒక్కటి సరిగ్గా చెప్పండి సార్

విజయవాడలో మా పాప చదివే స్కూల్లో ప్రిన్సిపాల్ గారు యాన్యువల్ డే గురించి అసెంబ్లీలో మాట్లాడారు. ఆ వీడియో పేరెంట్స్ గ్రూపులో కూడా పెట్టారు. ర్యాంకులు, ముఖ్య అతిథి గొప్పతనం, పిల్లల క్రమశిక్షణ అన్నీ అయ్యాక చివర్లో ఒక్క వాక్యం: "ఫిబ్రవరి 15, శనివారం సాయంత్రం 4 గంటలకల్లా విద్యార్థులు, తల్లిదండ్రులు అందరూ రిపోర్ట్ చేయాలి." ఇంట్లో అందరం ఆగి విన్నది ఈ వాక్యం కోసమే. తప్పు కూడా అందులోనే ఉంది.

2026లో ఫిబ్రవరి 15 ఆదివారం. పైగా ఆ రోజు మహాశివరాత్రి. శనివారం వచ్చేది 14న. క్యాలెండర్ తిరగేస్తే 2025లో మాత్రం ఫిబ్రవరి 15 శనివారమే. ఏడాదికి 365 రోజులంటే 52 వారాలు పోగా ఒక రోజు మిగులుతుంది, అందుకే పోయినేడాది శనివారం పడిన తేదీ ఈసారి ఆదివారం పడింది. పాత కాగితం తీసి సంవత్సరం ఒక్కటే మార్చి చదివితే సరిగ్గా ఇలాంటి తప్పే వస్తుంది.

చిన్న పొరపాటుకి ఇంత గోలా అని గ్రూపులో ఒకరిద్దరు అన్నారు. నేను ఒప్పుకోను. మైకులో ఫోర్టీన్ అన్నా ఫిఫ్టీన్ అన్నా వెనక వరసలో పిల్లలకి ఒకేలా వినపడుతుంది. పక్కన వారం చెప్పేది అందుకే, తేదీ సరిగ్గా విన్నామో లేదో చూసుకోవడానికి. ఆ రెండే కలవకపోతే దేన్ని నమ్మాలి? బ్యాంకులో పనిచేసే ఒకావిడ 14 రెండో శనివారం కాబట్టి తనకి ఎలాగూ సెలవే అంది. ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేసే ఒకాయనకి శనివారం పని ఉంటుంది, ఓనర్‌ని ఏ రోజుకి సెలవు అడగాలో తెలియక ఆగిపోయాడు. గుంటూరు నుంచి రావాల్సిన మా అత్తగారు "15 అయితే ఉపవాసం, జాగారం, నేను రాలేనమ్మా" అన్నారు. కోలాటం డ్రెస్సులు అద్దెకిచ్చే అతను ఏ తేదీకి రాసుకోవాలని రోజూ ఫోన్ చేస్తున్నాడు.

తేదీ అయితే ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోవచ్చు. నాకు అసలు బాధ ఆ 4 గంటల మీద. అందరికీ ఒకే రిపోర్టింగ్ టైమా?

మా పాప కోలాటం టీమే తీసుకోండి. 16 మంది పిల్లలు. జడ, పూలు, మేకప్ కలిపి ఒక్కొక్కరికి 10 నిమిషాలు వేసుకుంటే, ఇద్దరు మేకప్ వాళ్లు ఉన్నా 80 నిమిషాలు పడుతుంది. డ్రెస్సులు వేసి, కోలలు చేతికిచ్చి వరసలో నిలబెట్టడానికి ఇంకో అరగంట. మొత్తం రెండు గంటల లోపే. ప్రోగ్రాం 6కి మొదలైతే మొదటి ఐటం వాళ్లు 4కి రావడం న్యాయమే. కానీ కోలాటం పదో ఐటం. అంతకు ముందు తొమ్మిది ఐటంలు, పాట మార్చడంతో కలిపి ఒక్కోటి ఏడు నిమిషాలు. నివేదిక, అతిథుల ప్రసంగాలు, బహుమతులు కలిపి గంట. అంటే వీళ్లు స్టేజీ ఎక్కేసరికి 8 దాటుతుంది. 4కే రప్పించి 6 లోపు ముస్తాబు చేస్తే మూడో తరగతి పిల్లలు మరో రెండు గంటలు అలాగే కూర్చోవాలి. లిప్‌స్టిక్ పోతుందని నీళ్లు తాగనివ్వరు, డ్రెస్ పాడవుతుందని బాత్రూంకి పంపరు. ఫిబ్రవరి ఉక్కలో చెమటకి కాటుక బుగ్గల మీదికి కారిపోతుంది. వీళ్లని 5:30కి రమ్మంటే చాలు, అరగంట పైనే వెసులుబాటు ఉంటుంది.

తల్లిదండ్రులనైతే 4కి రప్పించాల్సిన పనే లేదు. డాన్సులో లేని పిల్లల్ని మాతోనే రానివ్వండి, 5:30కి వచ్చి కూర్చుంటాం. ప్రోగ్రాం స్కూల్లో కాదు, తుమ్మలపల్లి కళాక్షేత్రంలో. సాయంత్రం పూట ప్రకాశం బ్యారేజీ వైపు ట్రాఫిక్ ఎలా ఉంటుందో ఊళ్లో అందరికీ తెలుసు.

ప్రిన్సిపాల్ గారు చెప్పాల్సింది నిజానికి అర నిమిషం మాట: "యాన్యువల్ డే ఫిబ్రవరి 14, శనివారం, అంటే శివరాత్రికి ముందు రోజు. మొదటి ఐదు ఐటంల పిల్లలు 4కి, మిగతా ఐటంల పిల్లలు 5:30కి, స్టేజీ వెనక గేటు దగ్గర మీ క్లాస్ టీచర్‌కి కనపడాలి. తల్లిదండ్రులు 5:30కి ముందు గేటు నుంచి రావాలి. 6కి మొదలుపెడతాం, 9:30కి పిల్లల్ని అప్పగిస్తాం." ఇదే తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చదివి, పిల్లల చేత డైరీలో రాయించాలి. అప్పగించే టైం మాత్రం తప్పకుండా చెప్పాలి, రాత్రి ఆటో మాట్లాడుకునేది దాన్ని బట్టే.

సార్, సోమవారం అసెంబ్లీలో 14వ తేదీయా, 15వ తేదీయా తేల్చి చెప్పండి. డ్రెస్సుల అతనికి మంగళవారం లోపు అడ్వాన్స్ కట్టాలి.