పగలు కాదు, రాత్రి ఏడుకు వచ్చి చూడండి

అనంతపురం పాతూరులో కిరాణా, కూల్‌డ్రింక్స్ అంగడి పెట్టుకున్న ఒకాయన తన ప్రాంతపు కరెంటాఫీసులోని ఏఈ గారికి ఉత్తరం రాసి, దాని కాపీ మాకూ పంపారు. ఎండాకాలం వచ్చిందంటే కరెంటు మీద ఉత్తరాలు మాకు చాలా వస్తాయి, చాలావాటిలో కోపమే తప్ప వివరం ఉండదు. ఈ ఉత్తరంలో వివరం ఉంది, అందుకే దీని గురించే రాస్తున్నాం.

ఆయన అంగట్లో ఫ్రిజ్ కంప్రెసర్ కాలిపోయింది. దాన్ని బాగు చేయించుకున్న కొన్నాళ్లకే ఎలక్ట్రానిక్ కాటా అడాప్టరు, సీసీ కెమెరాల డీవీఆర్, నాలుగైదు ఎల్ఈడీ లైట్లు ఒకే సాయంత్రం పోయాయి. అప్పటి నుంచి ఆయన ప్లగ్గులో పెట్టుకునే చిన్న డిజిటల్ వోల్ట్‌మీటరు ఒకటి కొని, అంకెలు పుస్తకంలో రాయడం మొదలుపెట్టారు. ఆ పుస్తకంలోంచి ఉత్తరంలో ఎత్తిరాసిన ఒక లైను ఇది: ‘రాత్రి 7.20కి మా అంగట్లో 288 వోల్టులు. అదే టైముకు ఎదురుగా ఉన్న జ్యూస్ అంగట్లో 165. వాళ్లు మిక్సీలు వేస్తే మా లైట్లు ఇంకా ఎక్కువగా వెలుగుతున్నాయి సార్.’

ఈ పని తెలిసిన ఏ లైన్‌మన్ అయినా ఆ చివరి మాట వినగానే ఒకటే అంటాడు, న్యూట్రల్ పోయిందని. మామూలుగా ఎదుటివాళ్లు పెద్ద లోడు వేస్తే మన వోల్టేజీ కాస్త తగ్గుతుంది, లేదా ఏ తేడా ఉండదు. పెరిగిందంటే మాత్రం కరెంటు తిరిగి ట్రాన్స్‌ఫార్మర్‌కు పోయే న్యూట్రల్ తీగ ఎక్కడో తెగిందన్నా అనుకోవాలి, లేదా జాయింటు లూజయి సరిగ్గా ఆనడం లేదన్నా అనుకోవాలి.

ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కరెంటు తెచ్చే ఫేజు తీగలు మూడు ఉంటాయి. ఒక్కో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య దాదాపు 240 వోల్టులు ఉంటే, రెండు ఫేజుల మధ్య 415 ఉంటాయి. న్యూట్రల్ గట్టిగా ఉన్నంతసేపు ఎవరి 240 వాళ్లకు వస్తుంది. అది ఊడిపోతే మాత్రం ఒక ఫేజు మీది అంగడీ ఇంకో ఫేజు మీది అంగడీ ఒకదాని వెనక ఒకటి కలిపినట్టయి ఆ 415నీ పంచుకుంటాయి, ఆ పంపకంలో తక్కువ లోడున్నవాళ్లకే ఎక్కువ వోల్టేజీ పోతుంది. ఒక అంగట్లో 500 వాట్లు, ఇంకోదాంట్లో 2000 వాట్ల లోడు ఉందనుకుందాం, లెక్కప్రకారం చిన్న లోడు మీద 330 దాకా పడుతుంది, పెద్ద లోడుకు 80 మాత్రమే మిగులుతుంది. నిజం లైనులో మూడు ఫేజులూ, చాలా అంగళ్లూ ఉంటాయి కాబట్టి అంకెలు ఇంత తీవ్రంగా ఉండకపోవచ్చు, జాయింటు పూర్తిగా ఊడకుండా వదులుగా ఉంటే 288, 165 లాంటివి వస్తాయి. అవి చాలు కంప్రెసర్ కాలడానికి. మన రాష్ట్రంలో ఇళ్లకూ అంగళ్లకూ ఇచ్చే ఎల్‌టీ సరఫరాకు ఒప్పుకున్న తేడా అటూ ఇటూ 6 శాతమే, అంటే సుమారు 226 నుంచి 254 మధ్య ఉండాలి.

ఆఫీసు నుంచి ఆయనకు ఇప్పటిదాకా నోటిమాటగా వచ్చిన జవాబు ‘మీ వైరింగే బాగాలేదేమో, ఎలక్ట్రీషియన్‌కు చూపించుకోండి’ అని. దీన్ని మేము ఒప్పుకోలేం. ఆయనది సింగిల్ ఫేజ్ కనెక్షన్. సింగిల్ ఫేజ్ అంగట్లో సొంత న్యూట్రల్ లూజయితే లైట్లు మినుకుమినుకుమంటాయి, వోల్టేజీ తగ్గుతుంది, కరెంటే పోవచ్చు, అంతేగానీ 288కి ఎక్కే దారి లేదు, ఎక్కడానికి ఆ అంగట్లో రెండో ఫేజే లేదు కదా. త్రీ ఫేజ్ సర్వీసు ఉన్నవాళ్లయితే అవును, ముందు తమ మీటరు బోర్డు చూసుకోవాల్సిందే, ఈయనకు మాత్రం లోపం మీటరుకు అవతలే ఉంది.

లైన్‌మన్ రాలేదని కూడా ఆయన రాయలేదు. వచ్చాడు, పగలు పదకొండుకు వచ్చి చూశాడు, 236 ఉంది, ‘నార్మల్’ అని రాసుకుని వెళ్లాడు. ఆ అంకె అబద్ధం కాదు. పగలు లోడు తక్కువ, ఫేజుల మధ్య తేడా కూడా తక్కువ, కాబట్టి న్యూట్రల్ మీద పని పెద్దగా ఉండదు. చీకటిపడి బజారు లైట్లు, ఫ్రీజర్లు, పైఇళ్లలో ఏసీలు అన్నీ పడ్డాక ఆ లూజు జాయింటు వేడెక్కి ఆనడం మానేస్తుంది. రాగి, అల్యూమినియం తీగలు సరైన క్లాంపు లేకుండా మెలిపెట్టి కలిపిన చోట ఇది మరీ ఎక్కువ, అక్కడ తుప్పులాంటి పొర పట్టి కరెంటు సరిగ్గా దాటదు. న్యూట్రల్‌కు మధ్యమధ్యలో మంచి ఎర్తింగ్ ఉంటే ఈ దెబ్బ కొంత తగ్గేది, మన అనంతపురం ఎండిన నేలలో ఎర్త్ గుంతలకు నీళ్లు పోసేవాళ్లు లేకపోతే దాని మీద ఆశ పెట్టుకోలేం.

అందుకే ఆ అంగడాయన ఏఈ గారిని నష్టపరిహారం కంటే ముందు తనిఖీ అడిగారు, అదీ రాత్రి ఏడు, ఎనిమిది మధ్య. మేమూ అదే అడుగుతున్నాం. అరగంట పని ఇది. తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్‌తో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మూడు ఫేజుల ఆంపియర్లు, న్యూట్రల్ ఆంపియర్లు చూడాలి. ఫేజుల్లో 60, 35, 20 ఉన్నాయనుకోండి, న్యూట్రల్‌లో దాదాపు 35 పోతూ ఉండాలి, అక్కడ సున్నాకు దగ్గరగా ఉంటే లోపం దొరికినట్టే. అక్కడ బాగుంటే స్తంభం స్తంభం దగ్గర చూసుకుంటూ లైను చివరిదాకా పోవాలి, తీగల్ని కలిపే జంపర్లు చేత్తో కాదు, లైను ఆపి స్పానర్‌తో బిగించి చూడాలి. అంగట్లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కూడా చూడాలి, మామూలుగా రెండు మూడు వోల్టులుండేది 40, 50 చూపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. చూసినదంతా కాగితం మీద రాసి ఆయనకు ఒక కాపీ ఇవ్వాలి.

స్టెబిలైజర్ పెట్టుకోమనే సలహా కూడా ఆఫీసులో ఇచ్చారట. స్టెబిలైజర్‌కు ఒక హద్దు ఉంటుంది, దాని మీద రాసిన వోల్టేజీ రేంజి దాటితే అదే కాలిపోతుంది, వోల్టేజీ క్షణంలో ఎగబాకినప్పుడు రిలే పడేలోపే సున్నితమైన బోర్డులు పోతాయి. దానికంటే ఎక్కువ వోల్టేజీకి సరఫరా ఆపేసే కటాఫ్ పరికరం మేలు, లైట్లు ఒక్కసారిగా మెరిసినప్పుడు వెంటనే మెయిన్ ఆపేయడం ఇంకా మేలు. అయినా లైనులో లోపానికి వీధిలో ప్రతి అంగడీ సొంత డబ్బుతో మందు వేసుకోవాలనడం న్యాయం కాదు.

ఇదే ఇబ్బంది ఉన్న మిగతా అంగళ్లవాళ్లు కూడా 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి, ఎదురెదురు అంగళ్లలో ఒకే నిమిషానికి మీటరు ఫోటోలు తీసుకోండి, కాలిన బోర్డు పారేయకుండా మెకానిక్ దగ్గర ‘ఎక్కువ వోల్టేజీ వల్ల’ అని రాయించుకుని బిల్లుతో కలిపి పెట్టుకోండి. కాలిన సామాను డబ్బు దానంతట అదే రాదు, ఈ కాగితాలు లేకపోతే అసలు రాదు. 2003 విద్యుత్ చట్టంలో 57వ సెక్షన్ సేవా ప్రమాణాలు తప్పితే పరిహారం ఇవ్వాలంటుంది, 42వ సెక్షన్ కింద వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, అక్కడ న్యాయం దొరక్కపోతే అంబుడ్స్‌మన్ ఉన్నారు. పాతూరు అంగడాయన ఇంకా అక్కడిదాకా పోలేదు, ఏఈ గారి మీద నమ్మకంతో ముందు ఆయనకే రాశారు. ఈ వారంలోనే ఒక రాత్రి టాంగ్ టెస్టర్ తీసుకుని మనుషుల్ని ఆ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పంపమని ఏఈ గారిని కోరుతున్నాం, అక్కడ ఏం తేలిందో ఇదే పేజీలో ప్రచురిస్తాం.