మంగళవారం వేలం, ఆటోనగర్ వాయిదా

విజయవాడ ఆటోనగర్‌లో ఒకరు సెకండ్ హ్యాండ్ లారీకి ఫైనాన్స్ కంపెనీ నుంచి రూ.20 లక్షలు అప్పు తీసుకున్నారనుకుందాం. ఐదేళ్ల గడువు, 11 శాతం వడ్డీ అయితే నెల వాయిదా దాదాపు రూ.43,485. అదే 11.5 శాతమైతే మరో రూ.500 పెరుగుతుంది. ఐదేళ్లకు రూ.30 వేలు, అంటే టైర్ల ఖర్చులో కొంత. ఈ అర శాతం వెనుక ప్రభుత్వాల అప్పు కూడా ఉండొచ్చు.

ఆదాయానికి మించిన ఖర్చును పూడ్చడానికి రాష్ట్రాలు బాండ్లు అమ్ముతాయి. వాటిని సాధారణంగా మంగళవారాల్లో రిజర్వ్ బ్యాంక్ వేలం వేస్తుంది. బ్యాంకులు, బీమా సంస్థలు, పీఎఫ్ నిధులు తమకెంత వడ్డీ కావాలో చెబుతాయి. తక్కువ అడిగినవారి నుంచి మొదలుపెట్టి, కావాల్సిన మొత్తం నిండేదాకా పైకి వెళతారు. ఆగిన చోటే కట్-ఆఫ్. రూ.వెయ్యి కోట్లకు 7 శాతం దగ్గర ఆగే వేలం, రూ.2 వేల కోట్లు కావాలంటే 7.5 దాకా ఎక్కవచ్చు. అప్పుడు పాత 7 శాతం పదేళ్ల బాండును నూరు రూపాయలకు ఎవరూ కొనరు, దాని ధర రూ.96.50కి దిగుతుంది; ఆ ధరకు కొన్నవారికి రాబడి 7.5 శాతం అవుతుంది. ఫైనాన్స్ కంపెనీలూ ఇదే మార్కెట్లో అప్పు తెచ్చుకుంటాయి. ప్రభుత్వమే అంత వడ్డీ ఇస్తుంటే అవి ఇంకా ఎక్కువ ఇవ్వక తప్పదు. ఆ భారం చివరికి లారీ ఓనరు మీద పడుతుంది.

అప్పు పెరిగిన ప్రతిసారీ వడ్డీ పెరగదన్నదీ నిజమే. 2020-21లో కేంద్ర ద్రవ్యలోటు జీడీపీలో 9 శాతం దాటినా కేంద్రం పదేళ్ల బాండు మీద రాబడి 6 శాతం దగ్గరే నిలిచింది. ప్రైవేటు రుణాలకు గిరాకీ లేదు, రిజర్వ్ బ్యాంక్ బాండ్లు కొంటూ ఉంది. 2025లో అలా జరగలేదు. ఫిబ్రవరి నుంచి జూన్ మధ్య, బ్యాంకులకు రిజర్వ్ బ్యాంక్ ఇచ్చే అప్పుపై వడ్డీ అయిన రెపో రేటు 6.5 నుంచి 5.5 శాతానికి తగ్గినా, ఆగస్టుకల్లా పదేళ్ల బాండు రాబడి జూన్ మొదట్లో కన్నా పైకి పోయింది. బాండ్లు ఎక్కువగా వచ్చిపడతాయన్న భయం అందుకు ఒక కారణం. రెపోకు ముడిపడిన ఇంటి రుణాలకు ఈ సెగ నేరుగా తగలదు. ఫైనాన్స్ కంపెనీల ఖాతాదారులకు ఆ రక్షణ లేదు.

అప్పే వద్దని మేం అనడం లేదు. రాజధాని రోడ్డుకూ కాలువకూ తెచ్చిన అప్పు ఆస్తిగా మిగులుతుంది. జీతాలకూ పాత వడ్డీలకూ తెచ్చినది మిగలదు. మరీ నష్టం చేసేది ఏడాదంతా ఆగి జనవరి-మార్చిలో అన్ని రాష్ట్రాలూ ఒకేసారి మార్కెట్ మీద పడడం. మూడు నెలలకోసారి వెలువడే అప్పుల క్యాలెండర్‌కు మన రాష్ట్ర ఆర్థిక శాఖ కట్టుబడాలి. కార్పొరేషన్ల పేరుతో తెచ్చే అప్పునూ పక్కనే చూపాలి. ప్రతి వేలం తర్వాత, అదే గడువున్న కేంద్ర బాండుకన్నా మనం ఎంత ఎక్కువ వడ్డీ ఇచ్చామో ఆ సాయంత్రమే ప్రకటించాలి.