విడి సిగరెట్టుకు బొమ్మ ఉండదు

“సిగరెట్ల మీద పన్ను పెంచితే జనమే మానేస్తారు కదా?” అంటారు కొందరు.

మా వీధి పాన్ డబ్బా దగ్గర ఎవరూ పెట్టె కొనరు, ఒకటి అడిగి వెలిగించుకుంటారు. పది సిగరెట్ల పెట్టె మీద 20 రూపాయలు పెరిగితే విడిగా కొనేవాడికి తగిలేది 2 రూపాయలే. కాలేజీ కుర్రాడికి అది లెక్కే కాదు. 2016 నుంచి పెట్టెకు రెండు వైపులా 85 శాతం హెచ్చరిక బొమ్మ ఉండాలి. కానీ ఆ పెట్టె కొట్టువాడి దగ్గరే ఉండిపోతుంది, తాగేవాడి కంట పడదు.

దొంగచాటుగా వచ్చే విదేశీ సరుకు ఇంకా ఘోరం. చాలా పెట్టెల మీద మన హెచ్చరిక బొమ్మా ఉండదు, ఎమ్మార్పీ కూడా ఉండదు. గుర్తుపట్టడానికి అదే ఆనవాలు. పన్ను కట్టలేదు కాబట్టే అంత చవక. అదీ విడిగానే అమ్మితే ఆ ఆనవాలు కూడా కనిపించదు. అందుకే ముందు విడి అమ్మకం ఆపాలంటాను.