బీరువాలో అల్లుడు

ప్రకటనలకీ, వీడియోలకీ, ఆడియోబుక్కులకీ గొంతు ఇవ్వడం నా పని. మా ఇంట్లో నా స్టూడియో పేరు గోడ బీరువా. బెడ్‌రూములో చెక్క తలుపులున్నది. మొదట ఇనప బీరువాలో తలపెట్టి చదివి చూశాను. బిందెలో మూతిపెట్టి మాట్లాడినట్టు వచ్చింది. రేకు మోగుతుంది కదా. చెక్క బీరువాలో కింద అరలు తీయించి, వెనకా పక్కలా పాత బొంతలు వేలాడదీస్తే గొంతు పొడిగా, దగ్గరగా వినిపించింది. బొంతలే ఎందుకంటే, మా ఆవిడ పట్టుచీరలు పెట్టి చూశాను. శబ్దం పెద్దగా ఆగలేదు, ఇంట్లో శబ్దం మాత్రం బాగా పెరిగింది.

మైకు యూఎస్‌బీది, 3,200 రూపాయలు. ‘ప’, ‘భ’, ‘ఫ’ పలికినప్పుడు గాలి మైకు మీద ఢమాల్న పడకుండా ఎంబ్రాయిడరీ రింగుకి పాత నైలాన్ సాక్సు బిగించి మైకుకి జానెడు ముందు పెట్టాను. రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ Audacity, దానికి డబ్బులక్కర్లేదు. ల్యాప్‌టాప్‌ మాత్రం బీరువా బయట, మంచం మీద. దాని ఫ్యాను మోత మైకులో పడకూడదని అంత దూరం పెట్టాను. ఈ తెలివితేటలే తర్వాత కొంప ముంచాయి.

అంతకుముందు ప్రకటన ఒకటి చేశాను. మా ఊరి బట్టల కొట్టుకి, 30 సెకన్లు, 2,500 రూపాయలు. ఎన్నాళ్లు వాడుకుంటారో కాగితం మీద రాయించుకోలేదు. మూడు దసరాలు నా గొంతు ఆటో మీద ఊరంతా తిరిగింది, నాకు రెండో రూపాయి రాలేదు. తర్వాత ఏదైనా విషయాన్ని బొమ్మలతో వివరించే ఎక్స్‌ప్లైనర్ వీడియోలు. మాటకి రూపాయి అన్నారు, ఇంగ్లీషు స్క్రిప్టు 300 మాటలు ఉందని సంబరపడ్డాను. తెలుగులోకి వచ్చేసరికి 210 అయింది. ‘ఇన్ ద హౌస్’ అంటే మూడు రూపాయలు, ‘ఇంట్లో’ అంటే ఒక్కటే. చదవడానికి మాత్రం రెండు నిమిషాల వీడియో అయిపోయాక కూడా ఇంకో ఇరవై సెకన్ల చదువు మిగిలిపోయింది. మన మాటలు తక్కువే గానీ పొడుగెక్కువ. అప్పటినుంచి నిమిషానికి 400 అని చెబుతున్నాను.

ఆ తర్వాత ఆడియోబుక్ వచ్చింది. అందులో లెక్క ‘పూర్తయిన గంట’. అంటే మనం ఎన్ని గంటలు చెమటోడ్చామన్నది కాదు, చివరికి వినేవాడి చెవిలో పడేది ఎంతసేపన్నది. నేనే ఎడిట్ చేసి ఇస్తే గంటకి 2,000, తప్పులతో సహా ముడి ఫైలు పంపేస్తే 1,200. ఎడిటింగంటే నాకు బద్ధకం కాబట్టి ముడిదే ఒప్పుకున్నాను.

మే నెల, విజయవాడ. మధ్యాహ్నం రెండున్నరకి భోంచేసి అందరూ పడుకున్నాక ఫ్యాను ఆపి, బనియన్‌తో బీరువాలో దూరి తలుపేసుకున్నాను. నవల నాలుగో అధ్యాయం. గోదావరి ఒడ్డున కూర్చుని, చనిపోయిన తండ్రి రాసిన ఉత్తరం చదువుకుంటూ కథానాయిక ఏడుస్తుంది. మైకుకే ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే రంధ్రం ఉంది. అందులోంచి నా గొంతు ఎంత బాగా వినిపించిందంటే, నాకే కళ్లు చెమర్చాయి. రెండు గంటలు చదివాను. నలభై నిమిషాల సరుకు వస్తుందని అంచనా. మధ్యలో ఒకసారి తలుపు సందులోంచి ల్యాప్‌టాప్ వైపు చూస్తే గీతలు చక్కగా ఎగిరిపడుతున్నాయి.

బయటికొచ్చి మొదటి నిమిషం విన్నాను. గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. ల్యాప్‌టాప్ స్పీకర్లు అంతేలే అనుకుని Amplify నొక్కి, అది ఎంత పెంచనిస్తే అంత పెంచి పంపేశాను. పెంచితే నాదొక్కటే కాదు, అందరి గొంతూ పెరుగుతుందని అప్పుడు తట్టలేదు.

మర్నాడు హైదరాబాద్ నుంచి ఎడిటర్ కుర్రాడి ఫోను.

“అన్నా, ఫైల్ మొత్తం విన్నవా?”

“ఏం తమ్ముడూ, ఫీల్ తక్కువైందా?”

“ఫీల్ మస్తుంది. పదకొండో నిమిషం దగ్గర హీరోయిన్ ఉత్తరం విప్పుతుంటే, వెనకాల ఎవరో పెద్దమ్మ వంకాయలు పుచ్చులొచ్చినయని చెప్తున్నది. పెద్దమ్మ క్లియర్‌గా ఉంది. నువ్వే వెనకాల ఉన్నవ్.”

ఫైలు తెరిచి విన్నాను. మా అత్తగారు మా మంచం మీదే కూర్చుని, తణుకులో ఉన్న వాళ్ల చెల్లెలితో మాట్లాడుతున్నారు. ఎక్కడో దూరంగా, అలమరలో చిక్కుకున్న పిల్లిలా నేను.

“అల్లుడు గారా? బీరువాలో ఉన్నారు... ఆ, బీరువాలోనే. తలుపేసుకుని... ఏమోనే, ఏదో గొంతు ఉద్యోగమంట... ఇదిగో, ఇప్పుడు ఏడుస్తున్నారు. నాన్నా నాన్నా అంటున్నారు పాపం. వాళ్ల నాన్నగారు పొద్దున్నే ఫోన్ చేశారు, బాగానే ఉన్నారే!”

సంగతేమిటంటే, ఆ రోజు నేను ముందు Audacity తెరిచి, తర్వాత మైకు వైరు గుచ్చాను. తెరిచేటప్పటికి లేని మైకుని అది తనంతట తాను వెతుక్కోదు. Audio Setup లోకి వెళ్లి Rescan Audio Devices నొక్కితే గానీ జాబితాలోకి రాదు. అది నొక్కలేదు కాబట్టి ల్యాప్‌టాప్‌కి పుట్టుకతో ఉన్న మైకుతోనే రికార్డు చేసుకుంటూ పోయింది. మరి నా ఇయర్‌ఫోన్స్‌లో అంత బాగా ఎలా వినిపించింది? ఆ రంధ్రంలో వచ్చేది మైకు నేరుగా మన చెవికి పంపే శబ్దం. ల్యాప్‌టాప్‌లో ఏం ఎక్కుతోందో దానికి సంబంధం లేదు. వైరులోంచి కరెంటు అందితే చాలు, అది వినిపిస్తూనే ఉంటుంది. నేను చూసి మురిసిపోయిన గీతలు వంకాయలవి.

దీన్ని పట్టుకోవడం రెండు క్షణాల పని. మైకు జాలీ మీద గోరుతో గీకాలి. తెరమీద మీటరు గట్టిగా ఎగిరితే అది మన మైకే. తర్వాత ల్యాప్‌టాప్ మూత దగ్గర గీకాలి. మీటరు అప్పుడే గట్టిగా ఎగిరితే మాత్రం మనం బీరువాలో ఒంటరివాళ్లం.

మళ్లీ చదవాల్సిందే, ఉచితంగా. స్క్రిప్టు వాళ్లు మారిస్తే వేరే డబ్బులిస్తారు, తప్పు మనదైతే ఇవ్వరు. మా ఆవిడ వేళ్ల మీద లెక్క కట్టింది. “నలభై నిమిషాలకి ఎనిమిది వందలు. రెండుసార్లు రెండేసి గంటలు, నాలుగ్గంటలు. అంటే గంటకి రెండొందలు. దానికి ఆ చెమట కంపు బొంతలు నేను ఉతకాలి. నా ఉతుకుడు ఇందులో ఎక్కడా లేదు, చూశారా?”

సాయంత్రం అత్తగారికి విషయం చెప్పాను. ఆవిడ చాలా నొచ్చుకున్నారు. “అయ్యో, నాకేం తెలుసు బాబూ. ఇకమీద ఫోను వీధి అరుగు మీదే మాట్లాడతాను” అన్నారు. అన్నట్టే మర్నాడు మధ్యాహ్నం ఇల్లంతా నిశ్శబ్దం. నేను మైకు జాలీ గీకాను, మీటరు ఎగిరింది. ల్యాప్‌టాప్ గీకాను, కదిలీ కదలనట్టుంది. తృప్తిగా లోపలికి దూరి తలుపేసుకున్నాను.

ఈసారి ముప్ఫై ఎనిమిదో నిమిషం దాకా ఒక్క చప్పుడు లేదు. కథానాయిక ఉత్తరం మడిచి గుండెలకి హత్తుకుంది. “నాన్నా...” అని వణుకుతున్న గొంతుతో పలికి, రచయిత చెప్పినంతసేపూ ఆగాను. బీరువా తలుపు కిర్రుమని తెరుచుకుంది. చేతిలో గ్లాసుతో అత్తగారు.

“ఇంత ఉడుకులో ఏడవకండి బాబూ, నీరసం వస్తుంది. మజ్జిగ తాగండి. ఉప్పు సరిపోయిందో లేదో.”

మైకుకి జానెడు దూరంలో అన్నారు. అందులో ఒక్క అక్షరం కూడా చెదరలేదు.